కిరాయి లేని ఆరు నెలలు

“ఆరు నెలలు కిరాయి ఉచితం” అని రాసిన ఫ్లెక్సీ ఎక్కడ కనిపించినా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మొన్న హైదరాబాదు రోడ్డు మీద ఒక కొత్త కాంప్లెక్సుకు కట్టిన ఫ్లెక్సీ చూసి, ఆటోలో నా పక్కన కూచున్న ఆమెతో “ఎవ్వరు ఊకె ఇయ్యరమ్మా, నమ్మకు” అన్నాను. పాపం, ఆమె కూరగాయలకు పోతున్న మనిషి. దుకాణం పెట్టాలన్న ఆలోచన ఆమెకు కలలో కూడా వచ్చి ఉండదు. నన్ను ఎగాదిగా చూసి కొంచెం దూరం జరిగి కూచుంది.

నిజానికి కిరాయి ఒదిలిపెట్టే యజమానుల మీద నాకు కోపం లేదు. మాకు ఒదిలిపెట్టిన పెద్దమనిషి మంచివాడు. నా కోపమంతా ఆ ఆరు నెలలను వాడుకున్న మనిషి మీద. ఆ మనిషి నా తోడబుట్టిన అన్న.

మాది ఆలేరు దగ్గర ఒక నేత ఊరు. అప్పుడు నల్గొండ జిల్లాలోనే ఉండేది. ఇంట్లో రెండు మగ్గాలు. నాయిన పోయాక అన్నే ఇంటి పెద్ద. నాకంటే ఎనిమిదేండ్లు పెద్దవాడు. మగ్గం మీద కూచోవడం కంటే చీరలు మూట కట్టుకుని హైదరాబాదు షాపుల మెట్లెక్కి అమ్మడమే అతనికి ఇష్టం. మాటకారి. మాట్లాడుతుంటే ఎదుటివాళ్లు తమకు తెలియకుండానే తల ఊపుతారు. నేనూ ఊపాను, అందరికంటే ఎక్కువ.

నాకు నల్గొండలో పెళ్లయింది. మా ఆయన కట్టంగూరు బడిలో పంతులు. నేను నల్గొండలోనే ఒక రెడీమేడ్ దుకాణంలో గల్లా దగ్గర చాలా ఏండ్లు పని చేశాను. వచ్చిన వాళ్లందరి పైసలు తీసుకుని లెక్క పెట్టి యజమానికి అప్పజెప్పీ అప్పజెప్పీ విసిగిపోయాను. ఒక్కసారైనా నా గల్లాలో నా పైసలు వేసుకోవాలని ఉండేది. తెలంగాణ వచ్చి రెండేండ్లు కావస్తుండగా అన్న మా ఇంటికి వచ్చి, “చెల్లె, మనమే ఒక చేనేత చీరల దుకాణం పెడదామా?” అన్నప్పుడు నేను చాయ్ గిన్నె పొయ్యి మీద మరిచిపోయాను. అంత సంతోషం.

గడియారం సెంటర్ నుంచి కొంచెం దూరంలో ఒక ముసలాయన కొత్తగా మూడు షెట్టర్ల బిల్డింగు కట్టాడు. అందరూ ఆయన్ని చాచా అనేవాళ్లు. మధ్య షెట్టరు మా కంటికి నచ్చింది. లోపల గోడలకు సున్నం కూడా వేయలేదు, నేల మీద సిమెంటు గచ్చు తప్ప ఏమీ లేదు. కిరాయి మాట్లాడడానికి అన్న ఒక్కడే పోయాడు. “ఆడోళ్లు పక్కన ఉంటే బేరం తెగదు” అన్నాడు. ఆ మాటకు అప్పుడే కోపం రావాల్సింది. రాలేదు.

రెండు గంటల తర్వాత వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

“కొట్టేసిన చెల్లె! ఆరు నెలలు కిరాయి మాఫీ. అలమార్లు, లైట్లు, టైల్స్ మనమే ఏసుకుంటున్నం గద, అందుకని ఒదిలిపెట్టిండు. ఏడో నెల నుంచి నెలకు ముప్పై వేలు. మూడేండ్ల అగ్రిమెంటు. నడుమ ఖాళీ జెయ్యద్దు, ఆయన ఖాళీ జేపియ్యద్దు.”

మా ఆయన కూడా మెచ్చుకున్నాడు. ఆయన ఎవర్నీ ఊరికే మెచ్చుకోడు. ఆ రాత్రి అన్నకు నాటుకోడి వండాను. అమ్మ ఫోనులో “మీ అన్న ఉన్నంక నీకేం ఫికర్ బిడ్డా” అంది.

అగ్రిమెంటు నా పేరు మీద రాయించాడు. మా వైపు కొత్త దుకాణమైనా కొత్త మగ్గమైనా ఇంటి ఆడబిడ్డ పేరున మొదలుపెడితే మంచిదని ఒక నమ్మకం. ఆడబిడ్డ చేతికి మొదటి పోగు ఇచ్చి కట్టిస్తారు. అన్న అదే చెప్పాడు, “ఇంటి లక్ష్మివి నువ్వు, నీ పేరు మీదనే ఉండాలె” అని. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్ర పెడుతుంటే నాకు కండ్లలో నీళ్లు తిరిగాయి. తండ్రి లేని పిల్లను, అన్న నన్ను ఇంత పెద్ద చేస్తున్నాడే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ కన్నీళ్ల మీదే ఎక్కువ రోషం వస్తుంది.

ఇద్దరం వేరే ఒక కాగితం రాసుకున్నాం. పెట్టుబడి సగం సగం, లాభం సగం సగం, దుకాణం కిరాయి వ్యాపారంలోంచే కట్టాలి, ఎవరైనా తప్పుకుంటే ఆ రోజు దాకా లెక్క చూసి పంచుకోవాలి. నా సగం కోసం నా పుస్తెలతాడు తప్ప మిగిలిన బంగారమంతా కుదువ పెట్టాను. మా ఆయన ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడం వల్లే నాకు ఆ బంగారం బరువు ఇంకా ఎక్కువగా తెలిసేది.

ఉగాది నాడు దుకాణం తెరిచాం. పెండ్లిళ్ల కాలం. మా ఊరి ఇక్కతు చీరలంటే నల్గొండ ఆడవాళ్లకు మోజు. ఒక్కోసారి పొద్దున షెట్టరు తీయకముందే ఇద్దరు ముగ్గురు మెట్ల మీద కూచుని ఉండేవాళ్లు. అన్న చీర విప్పి పరిచే తీరు చూడాలి. చీర కొనడానికి రాని ఆమె కూడా కొంగు పట్టుకుని చూసి పోయేది. నేను గల్లా దగ్గర. సాయంత్రం లెక్క చూసుకుంటే గల్లా నిండుగా ఉండేది. కరెంటు, పని చేసే అమ్మాయి జీతం, చాయ్ ఖర్చు పోతే అంతా మిగులే.

“జూసినవా, కిరాయి లేకపోతే దుకాణం ఎట్ల నడుస్తదో?” అనేవాడు అన్న, నోట్లకు రబ్బరు వేస్తూ.

మూడు నాలుగు నెలలైనాక లెక్కలు చూపించడానికి ఒక ఆడిటరమ్మ దగ్గరికి పోయాను. నాకంటే చిన్నది, కొత్తగా ఆఫీసు పెట్టుకుంది. నేను రాసుకుపోయిన ఖర్చులన్నీ చూసి, “కిరాయి ఎక్కడక్కా?” అంది.

“ఆరు నెలలు లేదు మేడం. మాఫీ” అన్నాను గర్వంగా.

అగ్రిమెంటు కాపీ అడిగింది. రెండుసార్లు చదివింది. తర్వాత నాకు అర్థమయ్యేట్టు నిదానంగా చెప్పింది.

“మాఫీ అని మీరనుకుంటున్నరు. చూడండి, అగ్రిమెంటు ముప్పై ఆరు నెలలకు. మధ్యల ఒదిలేసి పోయేటందుకు లేదు. కిరాయి కట్టేది ముప్పై నెలలు, నెలకు ముప్పై వేలు. అంటే మొత్తం తొమ్మిది లక్షలు. ఆ తొమ్మిది లక్షలు దేనికి కడుతున్నరు? ముప్పై ఆరు నెలలు ఆ జాగా వాడుకున్నందుకు. కాబట్టి ముప్పై ఆరు నెలలకూ సమానంగ పంచాలె. నెలకు ఇరవై ఐదు వేలు. మొదటి నెల నుంచే ఖర్చు రాయాలె.”

“ఇయ్యని పైసలు ఖర్చు ఎట్ల రాస్తం మేడం?”

“ఇవ్వలేదు కాబట్టి ఇవ్వాల్సిన బాకీ కింద చూపిస్తం. ఆరు నెలలకు లక్షన్నర అయితది. ఏడో నెల నుంచి ముప్పై వేలు కడతరు గద, అందుల ఇరవై ఐదు ఆ నెల ఖర్చు, మిగిలిన ఐదు వేలు పాత బాకీల తగ్గుతది. ముప్పై నెలలల్ల బాకీ సున్నా అయితది. అట్ల రాయకపోతే ఈ ఆరు నెలలు ఉత్తగనే లాభం ఎక్కువ కనబడతది, తర్వాత ఉత్తగనే తక్కువ కనబడతది. దుకాణం అదే, జాగా అదే.”

మొదట నాకు ఎక్కలేదు. చాచా అడగని బాకీ ఒకటి నా నెత్తిన పెట్టిందేమిటి ఈ పిల్ల అనుకున్నాను. ఆఫీసు మెట్లు దిగుతుంటే మా ఇంటి మగ్గం గుర్తొచ్చింది. వెంటనే అర్థమైంది.

మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, ఎక్కించామంటే ఏడు చీరలు దిగుతాయి. నూలు కొనడం, డిజైను కోసం పోగులకు ముడులు వేసి చిటికి కట్టడం, రంగులు అద్దడం, ఈ ఖర్చంతా ఏడు చీరలకూ కలిపి ముందే అయిపోతుంది. నూలు ఉద్దెరకు తెస్తే పైసలు ఎప్పుడో ఆఖరున కడతాం. ముందు కట్టినా వెనక కట్టినా, ఒక్క చీర ధర ఎంత పడిందో చూడాలంటే మొత్తాన్ని ఏడుతో భాగిస్తాం. మా ఊళ్లో చదువు రాని ముసలమ్మ కూడా అట్లనే లెక్క చూస్తుంది. మొదటి రెండు చీరలప్పుడు నూలు పైసలు కట్టలేదు కదా, ఆ రెండు చీరలు పుణ్యానికి వచ్చాయని ఎవరూ అనరు.

ఎవరూ అనరని ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, ఒకాయన అన్నాడు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా జరిగింది. దూరపు చుట్టం, వరసకు బాబాయి. అన్నతో కలిసి ఒక పడుగు పొత్తుకు ఎక్కించాడు. నూలు ఉద్దెర. రెండు చీరలు దిగగానే అమ్మి, తన సగం పట్టుకుని, ఇక నాకు ఈ మగ్గం వద్దని పక్క ఊరికి పోయాడు. ఉద్దెర మొత్తం అన్న మీద పడింది. కులపెద్దల ముందు పంచాయతీ పెట్టారు. అన్నకు అప్పుడు ఇరవై మూడు ఇరవై నాలుగు ఉంటాయేమో. అందరి ముందు లేచి నిలబడ్డాడు.

“బాబాయీ, నూలు బాకీ ఏడు చీరల మీద పడ్తది. రెండు చీరల మీద వడ్డది నువ్వు సగం పెట్టి పో. చీరల పైసలు నీకు, బాకీ నాకా? ఇదెక్కడి న్యాయం?”

పెద్దలు అక్కడికక్కడే పైసలు పెట్టించారు. నేను వాకిట్లో నిలబడి చూశాను. మా అన్న ఎంత తెలివిగలవాడు అనుకున్నాను. బడిలో అందరికీ చెప్పుకున్నాను కూడా.

అందుకే ఆడిటరమ్మ చెప్పింది దుకాణానికి రాగానే అన్నకు పూస గుచ్చినట్టు చెప్పాను. అతనికి ఒక్క నిమిషం కూడా పట్టదనుకున్నాను. అన్న చీర మడత పెడుతూ విన్నాడు. నవ్వాడు.

“గా పిల్లకేం తెలుసే. ఆమె లెక్కలు సర్కారుకు. మన లెక్క గల్లల ఏముందో గది. చాచా అడగని కిరాయి మనం ఎందుకు రాసుకోవాలె?”

“అన్నా, పడుగు లెక్కనే గద. నూలు ఉద్దెర తెచ్చినట్టు.”

అన్న చేతిలో చీర మడత ఒక్క క్షణం ఆగింది. నేను చూశాను. తర్వాత, “దుకాణం వేరు, మగ్గం వేరు” అని ఇంకో చీర అందుకున్నాడు.

సరే, ఆడిటరమ్మ తన పద్దుల్లో ఎట్లా రాయాలో అట్లా రాస్తుంది, మేమిద్దరం కలిసే ఉన్నాం కదా, పైసలు ఎక్కడికి పోతాయి అనుకున్నాను. కలిసి ఉన్నంత కాలం లాభం ఏ నెలలో రాసినా మూడేండ్లకు మా ఇద్దరి చేతికి వచ్చేది ఒకటే. నడుమ ఎవరైనా తప్పుకుంటేనే తేడా. తప్పుకుంటారన్న ఆలోచనే నాకు రాలేదు. అన్నతో వ్యాపారం చేసేవాళ్లకు అటువంటి ఆలోచన ఎందుకు వస్తుంది?

సెప్టెంబరుతో ఆరు నెలలు అయిపోయాయి. అక్టోబరులో దసరా. ఆ దసరా నాడే మా జిల్లా మూడు ముక్కలైంది. టీవీలో కొత్త జిల్లాల సంబురాలు చూపిస్తున్నారు. మేము దుకాణంలో కత్తెరకు, గల్లాకు పూజ చేసి జమ్మి ఆకు పంచుకున్నాం. అన్న నా చేతిలో జమ్మి పెట్టి, నేను కాళ్లకు మొక్కి లేచాక, కూచోమన్నాడు.

“చెల్లె, ఒక మాట. నేను హుజూర్‌నగర్‌ల దుకాణం పెడ్తున్న. ఇది నువ్వు సూసుకో. అగ్రిమెంటు నీ పేరు మీదనే ఉంది గద, నీదే అయితది. సంతోషపడు.”

వేళాకోళం చేస్తున్నాడనుకుని నవ్వాను. అన్న నవ్వలేదు.

సరుకు సగం సగం విడదీశాడు. అలమార్లలో తన సగానికి బదులు ఇంకొన్ని చీరలు పక్కన పెట్టుకున్నాడు. అంతవరకు నేనూ ఒప్పుకుంటాను, న్యాయమే. తర్వాత ఆరు నెలల లాభం రెండు లక్షల నలభై వేలన్నాడు. తన సగం లక్షా ఇరవై వేలు.

“కిరాయి తీయలేదు గదన్నా” అన్నాను.

“ఏ కిరాయి? సెప్టెంబరు దాక కిరాయి లేదు. కాయితం మీద రాసుకున్నం గద, తప్పుకున్న రోజు దాక లెక్క అని. ఈ రోజు దాక కట్టిన కిరాయి ఎంత? సున్నా.”

“లక్షన్నర అన్నా. ఆరు నెలలు ఇద్దరం కూసున్నం గద ఈ జాగాల. ఆ కిరాయి రేపటి నుంచి నేనొక్కదాన్ని కడతనా? నెలకు ముప్పై వేలల్ల ఐదు వేలు ఈ ఆరు నెలలదే. దాంట్ల సగం నీది.”

“నీకు ఆ ఆడిటరు పిల్ల ఎక్కిచ్చింది.”

“పడుగు లెక్క నీకు ఎవరు ఎక్కిచ్చిన్రు? బాబాయిని నిలబెట్టి అడగలేదా నువ్వు?”

అన్న మొహం ఎర్రబడింది. ఆ ఒక్కసారి మాత్రం నా కండ్లలోకి చూడలేదు. “పండుగ పూట ఏడవకు” అని లేచాడు. అతను తెలియక చేశాడని చెప్పడానికి నాకు అప్పటి నుంచి ఒక్క దారి కూడా మిగలలేదు. తెలియక చేసినా బాగుండేది. తెలియనివాడిని తిట్టి ఊరుకుంటాం.

పైసలు ఎట్లాగూ అతని చేతిలోనే ఉన్నాయి. బ్యాంకుకు పోయేది అతనే. నాకు చెప్పకముందే తన వాటా తీసేసుకున్నాడు. అమ్మకు ఫోన్ చేస్తే, “అన్నచెల్లెండ్లు పైసల కాడ కొట్లాడుకుంటరా, ఊరంత నవ్వుతది” అంది. ఊరు నవ్వకుండా ఉండాలంటే ఎప్పుడూ ఆడపిల్లే ఊరుకోవాలి. ఊరుకున్నాను.

నెల తిరగకముందే పెద్ద నోట్లు రద్దయ్యాయి. నల్గొండలో ఎవరి చేతిలోనూ పైసలు లేవు. బ్యాంకుల ముందు లైన్లో నిలబడేవాళ్లు చీరలెందుకు కొంటారు? పెండ్లిళ్లు కూడా అప్పులతో చేస్తున్నారు. మొదటి కిరాయి ఎట్లాగో కట్టాను. రెండోది మా ఆయన జీతంలోంచి కట్టాం. ఆ నెల పిల్లల బడి ఫీజు ఆగిపోయింది. నా బంగారం కుదువలోనే ఉంది, దానికి వడ్డీ. దుకాణం మూసేద్దామంటే మూడేండ్ల దాకా కదలకూడదని నా వేలిముద్ర ఉంది. పొద్దున షెట్టరు ఎత్తుతుంటే భుజాలు లాగేవి. ఎంతో మోజుగా పెట్టుకున్న దుకాణం నన్ను కట్టేసిన గుంజలాగ అనిపించేది.

ఒక సాయంత్రం చాచా ఇంటికి పోయాను. బిల్డింగు పైనే ఉంటాడు. కొంచెం తగ్గించమని, కాకపోతే నన్ను ఒదిలిపెట్టమని అడుగుదామని. ఆయన బీడీ ఆర్పేసి, లోపలికి కేకేసి నాకు చాయ్ తెప్పించాడు.

“బేటీ, నాకు తెలుసు నీ తక్లీఫ్” అన్నాడు. “కానీ నేను కూడ బ్యాంకు బాకీ మీద కట్టిన గీ బిల్డింగు. నేను మీకు మొదలే రెండు తీర్ల జెప్పిన గద. మొదటి నెల నుంచే ఇరవై ఐదు వేలు ఇయ్యిండ్రి, లేకపోతే ఆరు నెలలు ఒదులుత, తర్వాత ముప్పై ఇయ్యిండ్రి. మూడేండ్లకు నాకు రెండూ ఒకటే, తొమ్మిది లక్షలే. నేనైతే ఇరవై ఐదే మంచిదన్న. ఆడపిల్ల పేరు మీద రాస్తున్నవ్, ఎన్కకు బరువు కాకూడదు అన్న. మీ అన్ననే వద్దన్నడు.”

చాయ్ గ్లాసు చేతిలోనే ఉంది. ఇరవై ఐదు వేలు. ఆడిటరమ్మ తొమ్మిది లక్షలను ముప్పై ఆరుతో భాగించి తేల్చిన అంకె, చాచా నోటితో మా అన్న చెవిలో మొదటి రోజే పడింది. ఆ రోజు రెండు గంటలు మాట్లాడి వచ్చి అతను నాకు చెప్పింది మాత్రం సగమే. మాఫీ ఏమీ లేదు. ఆరు నెలల కిరాయిని వెనక్కు తోసి పెట్టుకున్నాడు, అంతే.

“ఎందుకు వద్దన్నడు చాచా?” అన్నాను.

చాచా కొంచెం తికమకపడ్డాడు. “నీకు జెప్పలేదా? మా చెల్లె కొత్తగ వ్యాపారంలకు వస్తున్నది, మొదట్ల తేలికగ ఉండాలె అన్నడు. తనకు కూడ హుజూర్‌నగర్‌ల జాగా దొరికే దాక చేతిల పైసలు ఆడాలె అన్నడు. రెండు దుకాణాలు పెడ్తున్రు, మంచిగ ఉన్నదే అనుకున్న.”

హుజూర్‌నగర్. అంటే సున్నం వేయని ఆ గోడల మధ్య నిలబడి బేరం ఆడిన రోజే అతనికి తెలుసు, ఎన్ని నెలలు ఉంటాడో, ఎప్పుడు పోతాడో. నా పేరు మీద అగ్రిమెంటు, నా వేలిముద్ర, నా కండ్లలో నీళ్లు, అన్నీ ఆ తర్వాతివే. చాచా ముందు ఏడవకూడదని గబగబా మెట్లు దిగాను.

మెట్ల కిందే నిలబడి అన్నకు ఫోన్ చేశాను. హుజూర్‌నగర్ దుకాణంలో ఉన్నాడు, వెనక ఎవరో చీర ధర అడుగుతున్నారు.

“చాచా ఇరవై ఐదు వేలే అన్నడట గదా. నాకు మొదట్ల తేలికగ ఉండాలె అని నువ్వే వద్దన్నవట.”

అన్న ముందు అడిగినామెకు ధర చెప్పాడు. ఫోను పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు.

“ఉన్నది గదనే తేలికగ?” అన్నాడు. “ఆరు నెలలు ఏం కష్టపడ్డవ్ నువ్వు?”

ఆ మాటతో నాకు అన్న పోయాడు. బతికే ఉన్నాడు, చుట్టాల ఇంట్లో పెండ్లిళ్లలో కనబడతాడు, నేను పలకరిస్తాను. రాఖీ కూడా కట్టాను రెండేండ్లు, అమ్మ కోసం. కానీ నా వెనక ఒక అన్న ఉన్నాడన్న ధైర్యం ఆ మెట్ల కింద పోయింది.

కిరాయి కట్టాను. ఏ నెలా ఎగ్గొట్టలేదు. పండుగలకు చీరలు అప్పుకు ఇచ్చి వాయిదాల మీద వసూలు చేశాను, బడి పంతులమ్మలకు ఇంటింటికి చీరలు మోసుకుపోయాను, అలమార్లలో ఒకటి అమ్మేశాను. కొన్ని నెలలు పైసలు మిగిలాయి, కొన్ని నెలలు మిగలలేదు. చాచాకు ముప్పై వేలు ఇచ్చిన ప్రతిసారీ ఆడిటరమ్మ లెక్క నా మనసులో తిరిగేది. ఇరవై ఐదు వేలు నా దుకాణానికి. ఐదు వేలు గడిచిన ఆరు నెలలకు. ఆ ఐదులో సగం నా వాటా, సగం అన్న వాటా. నెలకు రెండు వేల ఐదు వందల చొప్పున ముప్పై నెలలు మా అన్న చేసిన మోసాన్ని నేను వాయిదాల మీద కట్టాను. డెబ్బై ఐదు వేలు. దాంతో హుజూర్‌నగర్‌లో అతను గాజు తలుపు పెట్టుకున్నాడో, లైట్లు పెట్టుకున్నాడో నాకు తెలియదు.

మూడేండ్లు అయిపోయిన నెలలో ఆడిటరమ్మ ఫోన్ చేసి, “అక్కా, ఆ కిరాయి బాకీ ఈ నెలతో పూర్తిగ పోయింది” అంది. ఆమెకు అదొక పద్దు. మంచిది మేడం అన్నాను. నా బంగారం అప్పటికి సగమే విడిపించాను.

కొత్త అగ్రిమెంటుకు చాచా తనే దుకాణానికి వచ్చాడు. మోకాళ్ల నొప్పులు, మెల్లగా మెట్లెక్కి స్టూలు మీద కూచున్నాడు. మూడేండ్లు ఒక్క నెల కూడా ఆపకుండా కట్టినందుకు ఆయనకు నా మీద గౌరవం.

“బేటీ, ఈసారి మూడు నెలలు ఒదులుత. తర్వాత జర ఎక్కువ రాసుకుందాం” అన్నాడు ప్రేమగా.

“వద్దు చాచా. మొదటి రోజు నుంచే, ఆఖరి దాక ఒక్కటే కిరాయి రాయిండ్రి” అన్నాను.

ఆయన తల ఊపాడు. చాయ్ తాగి, పోతూ పోతూ వాకిట్లో ఆగి, “అన్న ఎట్లున్నడు?” అని అడిగాడు.

“మంచిగున్నడు చాచా. హుజూర్‌నగర్‌ల రెండో దుకాణం తెరిచిండు” అన్నాను.

అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. నిజంగానే బాగున్నాడు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.